కట్టని బిల్లు ఏ పద్దులో ఉంటుంది?

2021 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ కాగితాల్లో ఆహార సబ్సిడీ అంకె చూసినవాళ్లు మరోసారి తేరిపార చూసి ఉంటారు. 2020-21కి మొదట కేటాయించింది 1,15,570 కోట్ల రూపాయలు. సవరించిన అంచనాల్లో అదే పద్దు 4,22,618 కోట్లకు చేరింది. కొవిడ్ ఏడాది కాబట్టి ఉచిత బియ్యం ఖర్చు పెరిగిందనుకోవచ్చు. అది కొంతవరకు నిజమే. కానీ ఆ పెరుగుదలలో చాలా భాగం ఆ ఏడాది పంచిన గింజలది కాదు. అంతకు ముందు ఏళ్లలో కొని, గోదాముల్లో నిల్వపెట్టి, రేషన్ షాపుల్లో ఇచ్చేసి, జనం వండుకు తినేసిన బియ్యం, గోధుమలది. తిండి ఎప్పుడో అయిపోయింది, ఖర్చు రాయడమే మిగిలింది.

ఈ ఆలస్యం వెనక దొంగ లెక్క ఏమీ లేదు. రూల్స్ ప్రకారమే జరిగింది. అందుకే దీన్ని కాస్త విప్పి చూడాలి.

రైతు దగ్గర మద్దతు ధరకు కొన్న ధాన్యానికి భారత ఆహార సంస్థ, అంటే ఎఫ్‌సీఐ, పెట్టే ఖర్చు ఎక్కువ. రేషన్ ద్వారా అప్పట్లో వచ్చే రాబడి నామమాత్రం. మధ్యలో తేడాను కేంద్రం సబ్సిడీగా ఇవ్వాలి. కేంద్రం ఆ ఏడాది పూర్తిగా ఇవ్వకపోతే ఎఫ్‌సీఐ ఊరుకోలేదు, మిల్లర్లకూ హమాలీలకూ లారీలకూ డబ్బు కట్టాలి కదా. కాబట్టి అప్పు చేస్తుంది. 2016-17 నుంచి ఆ అప్పు జాతీయ చిన్న మొత్తాల పొదుపు నిధి నుంచి రావడం మొదలైంది. పోస్టాఫీసులో సామాన్యులు వేసుకునే డబ్బు అది. 2020 మార్చి చివరికి ఎఫ్‌సీఐ ఆ నిధికి బాకీపడిన మొత్తం రెండున్నర లక్షల కోట్ల దరిదాపుల్లో ఉంది.

ఇప్పుడు పుస్తకాల సంగతి. ఎఫ్‌సీఐ కంపెనీల తరహాలో అక్రూవల్ పద్ధతిలో లెక్కలు రాస్తుంది. అంటే డబ్బు చేతికి వచ్చినా రాకపోయినా, హక్కు ఏర్పడిన రోజే రాబడి, బాధ్యత ఏర్పడిన రోజే ఖర్చు. అందువల్ల దాని బ్యాలెన్స్ షీట్‌లో ‘కేంద్రం నుంచి రావలసిన సబ్సిడీ’ అని ఒక పెద్ద అంకె ఆస్తుల వైపు కనబడుతుంది. ఆ అంకెకు జోడు కేంద్రం పుస్తకంలో అప్పుల వైపు ఉండాలి. లేదు. ఎందుకంటే కేంద్రం నగదు పద్ధతిలో రాస్తుంది. ఏడాదిలో నిజంగా వచ్చిన డబ్బు, నిజంగా వెళ్లిన డబ్బు మాత్రమే లెక్క. ఇవ్వాల్సి ఉండీ ఇవ్వని డబ్బుకు ఆ పుస్తకంలో గడే లేదు. ఒకరు ‘నాకు రావాలి’ అని రాసుకున్న సొమ్ము, ఇవ్వాల్సినవాడి పద్దులో అసలు పుట్టనే లేదన్నమాట.

2019-20లో ఇది ఎలా పనికొచ్చిందో చూడండి. ఆ ఏడాది ఆహార సబ్సిడీకి బడ్జెట్‌లో పెట్టింది 1,84,220 కోట్లు. సవరించిన అంచనాల్లో అది 1,08,688 కోట్లకు దిగింది. అంటే 75 వేల కోట్లకు పైగా కోత. దేశంలో తిండి తినేవాళ్లు తగ్గలేదు, మద్దతు ధరా తగ్గలేదు. సబ్సిడీ బదులు ఎఫ్‌సీఐకి అప్పు చూపించారంతే. అదే బడ్జెట్‌లో ద్రవ్యలోటు లక్ష్యాన్ని జీడీపీలో 3.3 శాతం నుంచి 3.8 శాతానికి సడలించారు. ద్రవ్య బాధ్యత చట్టం ప్రత్యేక పరిస్థితుల్లో అనుమతించే సడలింపు సరిగ్గా అర శాతమే. ఆ 75 వేల కోట్లు అప్పటి జీడీపీలో పావు శాతం కంటే ఎక్కువే, సుమారు 0.37. అది లోటులో కలిస్తే గీత దాటిపోయేది. ఉద్దేశం ఏమిటన్నది ఎవరికి వారు అనుకోవచ్చు గానీ, గీత ఎక్కడుందో అంకె అక్కడే ఆగింది.

ఈ బకాయిల గురించి కాగ్ అంతకు ముందే ఎత్తిచూపింది. 2016-17 చివరికి ఆహార సబ్సిడీ బకాయి 81 వేల కోట్ల పైచిలుకు ఉందని లెక్కగట్టింది. కాగ్ ఆ అంకెను పట్టుకోగలిగింది కేంద్రం పద్దుల్లో వెతికి కాదు, అవతలి పక్షం, అంటే ఎఫ్‌సీఐ, చెప్పే లెక్కతో పోల్చి చూసి. ఈ కిటుకు ముందు ముందు మళ్లీ అవసరపడుతుంది.

కేంద్రం స్థాయిలో ఇది లక్షల కోట్ల మాట. రాష్ట్రంలో ఇదే కథ ఒక చిన్న కాంట్రాక్టరు బిల్లు రూపంలో కనబడుతుంది. పది కోట్ల రోడ్డు పని అనుకుందాం. పని జనవరిలో పూర్తయింది. ఏఈ వచ్చి కొలతలు తీసి ఎం-బుక్‌లో రాస్తాడు. డీఈ చెక్ మెజర్‌మెంట్ చేస్తాడు. బిల్లు తయారై పే అండ్ అకౌంట్స్ ఆఫీసుకు వెళ్తుంది. అక్కడ ఆడిట్ అయ్యాక టోకెన్ నంబరు పడుతుంది. ఇక అక్కడి నుంచి ఆర్థిక శాఖ డబ్బు వదిలేదాకా ఎదురుచూపే. ‘టోకెన్ పడింది, పైసలు పడలేదు’ అనే మాట రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కాంట్రాక్టర్ల దగ్గరే కాదు, డీఏ ఎరియర్స్ కోసం, సరెండర్ లీవు డబ్బు కోసం చూసే ఉద్యోగుల దగ్గరా వినబడేదే.

మార్చి 31 వచ్చింది, డబ్బు విడుదల కాలేదు. నగదు పద్ధతి ప్రకారం ఆ ఏడాది ఆ రోడ్డు మీద రాష్ట్రం పెట్టిన ఖర్చు సున్నా. బండ్లు తిరుగుతున్న రోడ్డుకు ఖర్చు సున్నా! కేటాయింపు ఆ ఏడాదితో మురిగిపోతుంది, బిల్లు కొత్త ఏడాది బడ్జెట్ మీద మళ్లీ పడాలి. జూన్‌లో చెల్లిస్తే ఆ పది కోట్లు కొత్త ఏడాది ఖర్చుగా నమోదవుతాయి. మధ్యలో ఎన్నికలొచ్చి ప్రభుత్వం మారితే, పాత ప్రభుత్వం వేసిన రోడ్డు కొత్త ప్రభుత్వం లోటులో కలుస్తుంది. కాంట్రాక్టరు మాత్రం సిమెంటు, తారు అప్పు మీద తెచ్చి వడ్డీ కడుతూనే ఉంటాడు. ఒక రకంగా ప్రభుత్వానికి అప్పిచ్చింది అతనే. కాకపోతే ఆ అప్పు ఆర్‌బీఐ వేలంలో అమ్మిన బాండు కాదు కాబట్టి రాష్ట్ర రుణాల జాబితాలో చేరదు.

అక్రూవల్‌లో అయితే బిల్లు ఆమోదం పొందిన రోజే రెండు రాతలు పడతాయి. రోడ్డు అనే ఆస్తి పది కోట్లు, కాంట్రాక్టరుకు చెల్లించాల్సింది పది కోట్లు. డబ్బు జూన్‌లో ఇచ్చినా, మరుసటి దసరాకు ఇచ్చినా మార్చి 31 నాటి పుస్తకం ఆ బాకీని దాచలేదు.

నగదు పద్ధతి ఖర్చును దాచడమే కాదు, కాని ఖర్చును అయినట్టు కూడా చూపగలదు. మార్చి ఆఖరి వారంలో నిధులు మురిగిపోకుండా సంచిత నిధి నుంచి డ్రా చేసి పర్సనల్ డిపాజిట్ ఖాతాలో వేస్తారు. పుస్తకం దృష్టిలో ఖర్చైపోయింది. నిజానికి డబ్బు ప్రభుత్వం దగ్గరే ఒక జేబులోంచి ఇంకో జేబులోకి వెళ్లింది. రాష్ట్రాల మీద కాగ్ రాసే నివేదికల్లో పీడీ ఖాతాల ప్రస్తావన పదేపదే వచ్చేది ఇందుకే.

బకాయిలు ఎంత పెద్దవి కాగలవో తెలియడానికి తెలంగాణ 2023 డిసెంబరులో శాసనసభలో పెట్టిన శ్వేతపత్రాలు పనికొస్తాయి. రాజకీయంగా వాటి మీద పెద్ద గొడవ జరిగింది, ఆ వాదనల్లో ఎవరిది పైచేయి అన్నది ఇక్కడ విషయం కాదు. అంకెల అమరిక చూడాలి. మొత్తం అప్పు 6,71,757 కోట్లు అని చెప్పిన ఆ పత్రంలో ద్రవ్య బాధ్యత చట్టం పరిధిలోకి వచ్చేది 3,89,673 కోట్లే. మిగిలిందంతా కార్పొరేషన్లు, ప్రత్యేక సంస్థల పేరు మీద ఉంది. అందులో 1,27,208 కోట్లకు అసలూ వడ్డీ తీర్చాల్సింది ప్రభుత్వమే. ఇక విద్యుత్ రంగం మీద వేసిన పత్రంలో డిస్కంలకు ప్రభుత్వ శాఖలు కట్టాల్సిన కరెంటు బిల్లులే 28,673 కోట్లని ఉంది. ఎత్తిపోతల పంపులు నడిచాయి, వీధి దీపాలు వెలిగాయి, ఆఫీసుల్లో ఫ్యాన్లు తిరిగాయి. డిస్కంలు కంపెనీలు కాబట్టి వాటి పుస్తకంలో అది రావలసిన సొమ్ముగా ఉంది. శాఖల పుస్తకంలో మాత్రం కట్టని బిల్లు కాబట్టి ఖర్చే కాదు. ఎఫ్‌సీఐ దగ్గర చూసిన బొమ్మే ఇది కూడా.

నగదు పద్ధతి ఘోరంగా విఫలమయ్యేది మాత్రం పెన్షన్ దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ఉద్యోగులకు సీపీఎస్, అంటే కంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీం. ఉద్యోగి జీతంలో పది శాతం కోత, దానికి సమానంగా ప్రభుత్వం వాటా, రెండూ ప్రతి నెలా ఫండులో జమ. మూలవేతనం, డీఏ కలిపి నెలకు అరవై వేలు ఉన్న ఉద్యోగికి ప్రభుత్వం వేసే వాటా ఆరు వేలు, ఏడాదికి 72 వేలు. అలాంటివాళ్లు లక్ష మంది ఉంటే ఏడాదికి 720 కోట్లు. ఇది నగదు పద్దులో స్పష్టంగా కనబడే ఖర్చు.

ఇప్పుడు ఒక రాష్ట్రం సీపీఎస్ తీసేసి పాత పెన్షన్‌కు తిరిగి వెళ్లిందనుకోండి. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, హిమాచల్ వంటి రాష్ట్రాలు 2022, 2023ల్లో ఆ ప్రకటన చేశాయి. ఆ నెల నుంచే 720 కోట్ల వాటా ఆగిపోతుంది. చివరి మూలవేతనంలో సగం, దాని మీద కరవు భత్యం, ఆ తర్వాత భార్యకో భర్తకో ఫ్యామిలీ పెన్షన్ అన్న హామీ మాత్రం నెత్తిన పడుతుంది. కానీ వాళ్లు రిటైరయ్యేది చాలావరకు 2030ల మధ్య నుంచి. అప్పటిదాకా నగదు పద్దు చెప్పేది ఒక్కటే: ఖర్చు తగ్గింది, లోటు తగ్గింది. అంటే రాష్ట్రం తన బాధ్యతను బాగా పెంచుకున్న ఏడాదినే ఈ పుస్తకం పొదుపు చేసిన ఏడాదిగా చూపుతుంది. పాత పెన్షన్ మంచిదా చెడ్డదా అన్నది ఉద్యోగ భద్రతకు సంబంధించిన న్యాయమైన చర్చ. దాని ధర ఎంతో చూపని పుస్తకం ముందు పెట్టుకుని ఆ చర్చ చేయడమే తంటా.

ఇంతవరకూ చదివితే అక్రూవల్‌కు మారిపోతే సరిపోతుందనిపిస్తుంది. అకౌంటింగ్ పుస్తకాలు చాలావరకు అక్కడే ఆగుతాయి కూడా. అక్రూవల్ చూపించే బాధ్యత అంకె ఎలా తయారవుతుందో చూస్తే ఆ నమ్మకం కాస్త సడలుతుంది.

ముప్పై ఏళ్ల తర్వాత కోటి రూపాయలు పెన్షన్‌గా ఇవ్వాలి. దాన్ని ఈ రోజు పుస్తకంలో ఎంతగా రాయాలి? కోటి అని రాయరు, ఈనాటి విలువకు తగ్గించి రాస్తారు. ఏడాదికి 8 శాతం చొప్పున తగ్గిస్తే దాదాపు పది లక్షలు. 7 శాతమైతే 13 లక్షల పైచిలుకు. 5 శాతమైతే 23 లక్షలు. హామీ అదే, మనిషి అదే, ఇవ్వాల్సిన రోజూ అదే. ఎవరో ఆఫీసులో ఎంచుకున్న రేటును బట్టి బాధ్యత రెండింతలు దాటిపోతోంది.

ఇది క్లాసురూము లెక్క కాదు. బ్రిటన్ ప్రభుత్వ రంగం మొత్తానికి కలిపి అక్రూవల్ పద్ధతిలో ఒకే బ్యాలెన్స్ షీట్ వేస్తుంది. టీచర్లు, నర్సులు, పోలీసులు, సైనికుల పెన్షన్ బాధ్యత అందులో ఉంటుంది. 2022 మార్చి చివరి నాటి పత్రంలో ఆ బాధ్యత సుమారు 2.6 లక్షల కోట్ల పౌండ్లు. ఏడాది తిరిగేసరికి సుమారు 1.4 లక్షల కోట్లు. ఒక్క నర్సు పెన్షన్‌లో ఒక్క పౌండు తగ్గించలేదు, పైగా ధరలు పెరిగాయి కాబట్టి చెల్లింపులు పెరిగాయి. మారింది ప్రధానంగా డిస్కౌంట్ రేటు. ధరల పెరుగుదలను తీసేసి చూస్తే ముందటేడు అది సున్నాకు కింద ఉంది, తర్వాత సున్నా పైకి వచ్చింది. బాండ్ల మార్కెట్‌లో వడ్డీలు పెరిగినందుకు ప్రభుత్వం లక్ష కోట్ల పౌండ్లకు పైగా ‘బాకీ తీరినట్టు’ కాగితం మీద కనబడింది. ఇక్కడ మోసం లేదు, రేటు ఎలా నిర్ణయించారో పత్రంలో వివరంగానే రాస్తారు. కానీ పేజీ మొదట్లో ఉండే పెద్ద అంకెను చూసి ఆ దేశం సంగతి బాగుపడిందనో చెడిపోయిందనో అనుకునేవాడు మోసపోతాడు.

ఆ పత్రంలోనే ఇంకో విశేషం ఉంది. ప్రభుత్వోద్యోగుల పెన్షన్ బాధ్యతగా ఉంటుంది గానీ, దేశంలో వృద్ధులందరికీ ఇచ్చే స్టేట్ పెన్షన్ ఉండదు. అది ఏ ఏడాదికి ఆ ఏడాది ఇచ్చే ఖర్చే తప్ప భవిష్యత్తు చెల్లింపులు బాధ్యత కిందికి రావు. పార్లమెంటు తలుచుకుంటే రూల్స్ మార్చగలదు కాబట్టి అది కట్టుబడి ఉన్న అప్పు కాదన్నది వాదన. మన దగ్గరికి తెస్తే, నెల నెలా ఇచ్చే ఆసరా, సామాజిక పెన్షన్లు, ఉచిత వ్యవసాయ కరెంటు హామీ అక్రూవల్ వచ్చినా బ్యాలెన్స్ షీట్ మీదకు రావు. ఏ ప్రభుత్వమూ వాటిని ఆపలేదని అందరికీ తెలుసు. పుస్తకానికి మాత్రం తెలియదు.

ఆదాయం వైపు కూడా అక్రూవల్‌కు ఒక బలహీనత ఉంది. ఇది చూడటానికి విదేశాలకు వెళ్లక్కర్లేదు. జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ వచ్చాక మన పెద్ద పట్టణాల మున్సిపాలిటీలు చాలావరకు ఈ పద్ధతికి మారాయి. ఆస్తి పన్ను డిమాండ్ వంద కోట్లు వేసి 65 కోట్లు వసూలు చేసినా, పుస్తకంలో ఆదాయం వంద కోట్లు. మిగిలిన 35 కోట్లు రావలసిన సొమ్ముగా ఆస్తుల్లో చేరతాయి. అందులో కోర్టు కేసుల్లో ఉన్నవి, ఎప్పుడో కూల్చేసిన ఇళ్లవి, ప్రభుత్వ భవనాలవి అన్నీ ఉంటాయి. వసూలయ్యే ఆశ లేనిదాన్ని పక్కకు తీసి నష్టంగా రాయాలని రూల్ ఉంది. ఎంత రాయాలో తేల్చేది ఆ మున్సిపాలిటీయే. మిగులు చూపిస్తున్న మున్సిపాలిటీ పారిశుధ్య కార్మికుల జీతాలకు వెతుక్కుంటుంటే, మొదట తెరవాల్సిన పేజీ ఈ రావలసిన సొమ్ము జాబితాయే. వాటి వయసు చూస్తే సంగతి తెలిసిపోతుంది.

పైన చెప్పిన పది కోట్ల రోడ్డునే మళ్లీ తీసుకుంటే, అక్రూవల్‌లో ఆ ఏడాది ఖర్చుల పట్టికలో పది కోట్లూ పడవు. రోడ్డు జీవితకాలం ఇరవై ఏళ్లనుకుంటే ఏడాదికి యాభై లక్షల తరుగుదల. నలభై ఏళ్లంటే పాతిక లక్షలే. ఎన్నేళ్లన్నది ఇంజనీరు చెప్పాలి, అకౌంటెంటు రాయాలి. ఎక్కువుంటే బాగుండునని ఆర్థిక మంత్రి ఆశపడతాడు. ఈలోగా రోడ్డు కోసం తెచ్చిన పది కోట్ల అప్పు ఇప్పుడే తెచ్చింది, వడ్డీ ఇప్పుడే మొదలైంది. పది కోట్లూ ఆ ఏడాదే బయటికి వెళ్లాయని సూటిగా చూపేది నగదు లెక్కే.

నగదు పద్ధతికి ఉన్న అసలు బలం కూడా ఇదే. రాష్ట్ర ఖజానా నుంచి ఎంత వెళ్లిందో ఆర్‌బీఐ దగ్గరున్న ప్రభుత్వ ఖాతాతో సరిపోల్చి రూపాయి తేడాను పట్టుకోవచ్చు. ఎవరి అంచనాతోనూ పని లేదు. అక్రూవల్‌లో ప్రతి పెద్ద అంకె వెనకా ఒక అంచనా ఉంటుంది. అందుకే అక్రూవల్ ప్రభుత్వాలు కూడా నగదు ప్రవాహాల పట్టికను వదిలిపెట్టవు. నగదు పద్ధతిలో లోటు తగ్గి, అక్రూవల్‌లో నికర బాధ్యత పెరిగితే ఎక్కడో బిల్లులు ఆపారనో హామీ పెంచారనో అర్థం. నగదు బయటికి పోతూ, అక్రూవల్‌లో బాధ్యత బాగా తగ్గితే రేటో, అంచనాయో మారి ఉంటుంది. ఏదో ఒక్కదానితో ఈ పని జరగదు.

భారత్‌లో ఈ మార్పు గురించిన మాట పాతదే. కాగ్ చొరవతో 2002లో ప్రభుత్వ అకౌంటింగ్ ప్రమాణాల సలహా మండలి ఏర్పడింది. రంగరాజన్ అధ్యక్షతన పన్నెండో ఆర్థిక సంఘం 2004లో అక్రూవల్ వైపు వెళ్లమంది. అంతవరకు ఊరుకోకుండా పెన్షనర్ల వివరాలు, ఒప్పుకున్న బాధ్యతలు, అప్పుల తిరుగు చెల్లింపు షెడ్యూలు వంటి పట్టికలను నగదు ఖాతాలకు జతచేయమని కూడా చెప్పింది. మార్పు ఇంకా పూర్తి కాలేదు. గ్యారంటీల మీద అకౌంటింగ్ ప్రమాణం వచ్చి, అవి ప్రభుత్వ వార్షిక ఖాతాలైన ఫైనాన్స్ అకౌంట్స్‌లో చోటు చేసుకున్నాయి. బడ్జెట్‌కు బయట చేసే అప్పులను కేంద్రం వ్యయ వివరాల పుస్తకంలో 27వ స్టేట్‌మెంటుగా ఇస్తోంది. రాష్ట్రాలు కార్పొరేషన్ల పేరుతో తెచ్చి తామే తీర్చే అప్పులను వాటి రుణ పరిమితిలో కలుపుతామని కేంద్రం 2022 మార్చిలో చెప్పింది.

బిల్లుల బకాయి మొత్తం ఎంతో మాత్రం సులువుగా కనబడదు. శ్వేతపత్రం వచ్చినప్పుడో, కాంట్రాక్టర్లు ధర్నా చేసినప్పుడో బయటపడుతుంది. దీనికి కొత్త పద్ధతి రావాలని ఆగక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ సీఎఫ్‌ఎంఎస్‌లో, తెలంగాణ ఐఎఫ్‌ఎంఐఎస్‌లో బిల్లులన్నీ ఆన్‌లైన్‌లోనే నడుస్తున్నాయి. ఏ శాఖది, ఎంత మొత్తం, ఏ తేదీన టోకెన్ పడింది అన్నది సిస్టంలో ఉన్నదే. మార్చి 31 నాటికి చెల్లించని టోకెన్లను మూడు నెలలలోపువి, ఏడాదిలోపువి, ఆపైవి అని మూడు వరసలుగా తీసి బడ్జెట్ పుస్తకానికి ఒక పేజీ జతచేయడానికి చట్టం మార్చక్కర్లేదు. టోకెన్ కూడా పడకుండా ఎం-బుక్ దగ్గరే ఆపేసిన పనులు అందులోనూ కనబడవు. వాటికోసం ఇంజనీరింగ్ శాఖల దగ్గర ఉన్న పనుల రిజిస్టర్లే చూడాలి.